మూడు లక్షల బంగారు రుణం: నెలనెలా వడ్డీనా, ఈఎంఐనా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. కిరాణా కొట్టు ఉంది. సరిహద్దు దాటితే పాతపట్నం పక్కన కొంచెం పొలం కూడా ఉంది. బాబు ఇంజనీరింగ్ ఫీజుకి, కొట్టు పైకప్పు రేకులు మార్చడానికి నా గాజులు, హారం పెట్టి 3 లక్షలు తీసుకుందామనుకుంటున్నాం. ఇక్కడి బ్యాంకువాళ్ళు ఏడాదికి 12 శాతం వడ్డీ అన్నారు. నెలకి 3,000 వడ్డీ కడుతూ, 12 నెలలయ్యాక 3 లక్షలు ఒకేసారి కట్టాలి. పాతపట్నంలో ఒక ఫైనాన్స్ కంపెనీ కూడా 12 శాతమే అంది, కానీ 24 నెలలు నెలకి 14,122 ఈఎంఐ కట్టాలి. లెక్క వేస్తే మొదటిదానికి మొత్తం 3,36,000, రెండోదానికి 3,38,929 అవుతోంది. మొదటిదే చవక, నెలనెలా భారం కూడా తక్కువ అని మావారు అంటున్నారు. ఈఎంఐ అయితేనే అప్పు తీరుతుందని మా ఆడపడుచు అంటోంది. కొట్టు మీద మామూలు నెలల్లో 15 వేల దాకా మిగులుతుంది, వానాకాలం మూడు నెలలు మాత్రం 7, 8 వేలు దాటదు. సంక్రాంతికి ధాన్యం డబ్బు లక్ష దాకా వస్తుంది. జూలై మొదటికల్లా డబ్బు కావాలి. ఏది తీసుకోమంటారు?
— ఒక సోదరి, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, మీ కూడికల్లో తప్పు లేదు. అయితే మీరు పోల్చినవి రెండు వేరు వేరు కాలాలు. 3,36,000 అన్నది ఒక ఏడాది లెక్క, 3,38,929 అన్నది రెండేళ్ళ లెక్క. అందుకే మొదటిది చవకగా కనిపిస్తోంది. రెండూ ఒకే కాలానికి తెచ్చి చూస్తే తేడా ఇటు కాదు, అటు తిరుగుతుంది. అదీ కొంచెం కాదు.

ముందు బ్యాంకు రుణం చూద్దాం. 12 శాతం అంటే మన వాడుకలో రూపాయి వడ్డీ, నూటికి నెలకు రూపాయి. 3 లక్షలకు నెలకు 3,000. (బ్యాంకు రోజుల లెక్కన వేస్తుంది కాబట్టి 31 రోజుల నెలకు 3,057, ఫిబ్రవరికి 2,761 ఇలా కాస్త అటూ ఇటూ వస్తుంది. ఏడాది మొత్తం మాత్రం అదే 36,000.) పన్నెండు నెలలు క్రమం తప్పకుండా కట్టారనుకోండి. 36,000 చేతినుంచి పోయాయి. అప్పు ఎంత తగ్గింది? ఒక్క రూపాయి కూడా తగ్గలేదు. వచ్చే జూలైలో మళ్ళీ అదే 3 లక్షలు మీ ఎదురుగా నిలబడి ఉంటాయి.

ఇప్పుడు ఈఎంఐ. మొదటి నెల కట్టే 14,122లో 3,000 వడ్డీకి పోతుంది, 11,122 అసలులోకి పోతుంది. కాబట్టి రెండో నెల వడ్డీ 3 లక్షల మీద కాదు, 2,88,878 మీద పడుతుంది. అది 2,889. అంటే ఆ నెల అసలులోకి 11,233 పోతుంది. నెల నెలకీ వడ్డీ వాటా తగ్గుతూ, అసలు వాటా పెరుగుతూ వస్తాయి. పన్నెండో నెలకి వడ్డీ 1,714 దగ్గరికి దిగుతుంది, ఆఖరి నెలలో 140 రూపాయలే. ఏడాది పూర్తయ్యేసరికి మీరు కట్టింది 1,69,464. అందులో వడ్డీ 28,409, మిగతా 1,41,055 అసలులో తగ్గింది. ఇంకా బాకీ 1,58,945.

ఒకే ఏడాదికి పెట్టి చూస్తే, బ్యాంకులో 36,000 వడ్డీ కట్టి 3 లక్షల బాకీతో ఉంటారు. కంపెనీలో 28,409 వడ్డీ కట్టి సుమారు 1,59,000 బాకీతో ఉంటారు. బ్యాంకులో గడువు రోజుకి 3 లక్షలు చేతిలో లేక ఇంకో ఏడాదికి తిరగరాయించుకుంటే, అక్కడ మొత్తం వడ్డీ 72,000 అవుతుంది. ఈఎంఐలో రెండేళ్ళకి అదే 38,929. తేడా 33,071 రూపాయలు. వడ్డీ రేటు రెండు చోట్లా ఒకటే, అయినా ఖర్చు దాదాపు రెట్టింపు.

ఎందుకంటే వడ్డీ పడేది మీరు తీసుకున్న అప్పు మీద కాదు, ఆ రోజుకి మిగిలి ఉన్న అప్పు మీద. ఈఎంఐలో 24 నెలలూ సగటున మీ దగ్గర ఉన్న అప్పు 1,62,000 మాత్రమే. బ్యాంకు పద్ధతిలో చివరి రోజు వరకు 3 లక్షలూ ఉన్నాయి. ఎక్కువ డబ్బు ఎక్కువ రోజులు వాడుకున్నందుకు ఎక్కువ అద్దె కట్టారు, అంతే. దీన్నిబట్టి బ్యాంకు మోసం చేసిందనీ అనలేం, కంపెనీ మేలు చేసిందనీ అనలేం. అసలు ఎంత త్వరగా తగ్గుతుంది అన్నదే ఖర్చును తేలుస్తుంది.

ఇక మీవారి ప్రశ్నకు వద్దాం. ఏడాది చివర 3 లక్షలు ఒకేసారి కట్టగలిగితే 36,000తో పని అయిపోతుంది కదా అంటారు. అయిపోతుంది. కానీ ఆ 3 లక్షలు ఎక్కడినుంచి వస్తాయి? మీ ఉత్తరంలోని అంకెలే తీసుకుంటాను. వానాకాలం మూడు నెలలు 7 వేల చొప్పున మిగిలితే, వడ్డీ పోను 4 వేలు. మూడు నెలలకి 12,000. మిగతా తొమ్మిది నెలలు 15 వేలలో వడ్డీ పోను 12 వేలు, అంటే 1,08,000. ధాన్యం డబ్బు లక్ష. ఒక్క నెల కూడా ఒక్క రూపాయి కూడా వేరే ఖర్చుకి పోకుండా దాస్తే మొత్తం 2,20,000. ఇంకా 80,000 తక్కువ. ఇంట్లో డబ్బు ఉంటే ఖర్చు కాకుండా ఉండదని మీకు నేను చెప్పక్కర్లేదు. పోనీ ఆర్‌డీలో వేద్దామన్నా, అప్పు మీద 12 కడుతూ దాచుకున్నదాని మీద 6, 7 శాతం తెచ్చుకోవడం నష్టమే. కాబట్టి మీ విషయంలో బ్యాంకు రుణం 12 నెలలది కాదు. తిరగరాత తప్పదు. అది మనసులో పెట్టుకునే పోల్చాలి.

అయితే ఆడపడుచు గారి మాటకి తలూపి వెంటనే ఈఎంఐ తీసుకోమని కూడా నేను చెప్పను. జూలై, ఆగస్టు, సెప్టెంబరులో మీ దగ్గర మిగిలేది 7, 8 వేలు. ఈఎంఐ 14,122. మొదటి మూడు నెలల్లోనే వాయిదాలు తప్పుతాయి. తప్పిన ప్రతి వాయిదాకి ఆలస్య ఛార్జీ, బ్యాంకు ఖాతాలోంచి ఆటోమేటిగ్గా తీసుకునే ఏర్పాటు ఉంటే దాని బౌన్స్ ఛార్జీ వేరు. బంగారం పెట్టి కూడా నెల నెలా ఫోన్ మోగుతుంటే ఆ టెన్షన్ ఎందుకు?

మీ రాబడి నెల నెలా సమానంగా రావడం లేదు. మూడు నెలలు తక్కువ, తర్వాత బాగుంటుంది, సంక్రాంతికి ఒక మోస్తరు మొత్తం వస్తుంది. దానికి సరిపడే దారి ఒకటుంది. బ్యాంకులో నెల వడ్డీ రుణమే తీసుకుని, వీలైనప్పుడల్లా అసలులో కొంత కొంత కట్టేయడం. చాలా బంగారు రుణాల్లో దీనికి వీలుంటుంది. కట్టిన రోజునుంచే ఆ మేరకు వడ్డీ తగ్గుతుంది. కానీ ప్రతి స్కీములోనూ ఉంటుందని అనుకోకండి, ముందే అడగాలి.

మీ ఇంటికి తగ్గట్టు లెక్క వేసి చూపిస్తాను. అదే రూపాయి వడ్డీకే, రోజుల తేడాలు వదిలేసి. జూలై, ఆగస్టు, సెప్టెంబరు మూడు నెలలూ 3,000 వడ్డీ మాత్రమే కట్టండి. అక్టోబరు ఆఖరు నుంచి వడ్డీతో పాటు అసలులో 10,000 చొప్పున వేయండి. అక్టోబరులో చెల్లించేది 13,000, ఇది మీ 15 వేలలో సరిపోతుంది. డిసెంబరు ఆఖరుకి అసలు 2,70,000. జనవరి ఆఖరుకి, ఆ నెల వడ్డీ 2,700, ధాన్యం డబ్బు లక్ష అసలులో. బాకీ ఒక్కసారిగా 1,70,000కి దిగుతుంది, ఫిబ్రవరి వడ్డీ 1,700 మాత్రమే. మళ్ళీ నెలకి 10,000 చొప్పున వేసుకుంటూ పోతే వచ్చే జూన్ ఆఖరుకి 1,20,000 మిగులుతుంది. ఈ ఏడాదిలో కట్టిన వడ్డీ మొత్తం 27,900. అసలు ముట్టుకోకుండా వడ్డీ మాత్రమే కడితే 36,000 అయ్యేది.

అక్కడ 1,20,000కి రుణం తిరగరాయించుకుని, అదే వేగంతో డిసెంబరు దాకా వెళ్తే 60,000 మిగులుతుంది. వడ్డీ మరో 5,700. రెండో ఏడాది వానాకాలంలో కూడా 10,000 అసలు వేయగలరా అన్నది మీరే చెప్పాలి. కట్టలేకపోతే వడ్డీ పదిహేను వందల దాకా పెరుగుతుంది, అంతకు మించి ఏమీ కాదు, ఆ సౌకర్యం కోసమే ఈ దారి. ఆ తర్వాతి సంక్రాంతికి ధాన్యం డబ్బులో 60,000, దాని వడ్డీ 600 కట్టి నగలు ఇంటికి తెచ్చుకుంటారు. మొత్తం వడ్డీ 34,200. పంతొమ్మిది నెలల్లో అప్పు తీరింది, 24 నెలల ఈఎంఐ కన్నా 4,729 తక్కువ, వానాకాలంలో ఊపిరాడింది.

కంపెనీ ఈఎంఐలో కూడా సంక్రాంతి లక్ష మధ్యలో కడితే ఏమవుతుంది అని మీరు అడగొచ్చు. అడగాలి కూడా. ఆరు ఈఎంఐలు పూర్తయ్యేసరికి బాకీ 2,31,577. లక్ష వేస్తే 1,31,577. ఈఎంఐ అదే 14,122 ఉంచి గడువు తగ్గించమంటే, మరో పది నెలల్లో, అంటే మొత్తం 16 నెలల్లో తీరిపోతుంది. మొత్తం వడ్డీ 23,548. ఇది పైన చెప్పిన దారికన్నా పదివేలు తక్కువ. కారణం ఈఎంఐ గొప్పదనం కాదు. మొదటి నెల నుంచే 14 వేలు కట్టారు కాబట్టి. అదే 14,122 బ్యాంకు రుణంలో నెల నెలా వేసినా, అదే లక్ష అదే నెలలో కట్టినా, వడ్డీ అచ్చంగా అంతే వచ్చేది. ఈ వానాకాలం మూడు నెలలు ఎవరైనా దగ్గరివాళ్ళు వడ్డీ లేకుండా నెలకి 6, 7 వేలు సర్దగలిగితే, అప్పుడు ఈఎంఐ పద్ధతి మీకు నిజంగా పనికొస్తుంది. ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోండి. మధ్యలో పెద్ద మొత్తం కట్టినప్పుడు కొందరు గడువు అలాగే ఉంచి ఈఎంఐ తగ్గిస్తారు. అలా చేస్తే మీ ఈఎంఐ 8,024కి దిగుతుంది, వినడానికి హాయిగా ఉంటుంది, కానీ మొత్తం వడ్డీ 29,160కి పెరుగుతుంది. గడువు తగ్గించమని కాగితం మీద రాసివ్వండి.

ఇప్పుడు కంపెనీ చెప్పిన 12 శాతం నిజంగా తరుగుతున్న అసలు మీద వేసే 12 శాతమేనా అన్నది చూసుకోవాలి. మీ ఉత్తరంలోని 14,122 సరైన అంకే, అందుకే వాళ్ళ మాట నమ్ముతున్నాను. కానీ సంతకం పెట్టే రోజు కాగితంలో 15,500 అని ఉంటే అక్కడే ఆగిపోండి. అది ఫ్లాట్ వడ్డీ. 3 లక్షలకి రెండేళ్ళ వడ్డీ 72,000 అని ముందే వేసి, అసలుతో కలిపి 24తో భాగించేస్తే వచ్చేది ఆ 15,500. మీరు నెల నెలా అసలు కడుతున్నా, చివరి నెల దాకా మొత్తం 3 లక్షల మీద వడ్డీ తీసుకుంటున్నారన్నమాట. నిజమైన లెక్కలో అది ఏడాదికి 21.5 శాతం పైనే పడుతుంది. మన భాషలో రూపాయి ఎనభై పైసల వడ్డీ.

ఈ ఫ్లాట్ వడ్డీ ఎందుకు ప్రమాదమంటే, మొత్తం కూడికలు చూస్తే దొరకదు. బ్యాంకులో రెండేళ్ళు అసలు ముట్టుకోకుండా కడితే వడ్డీ 72,000. ఫ్లాట్‌లోనూ 72,000. రెండూ సమానమే అనిపిస్తుంది. కానీ బ్యాంకులో ఆ రెండేళ్ళూ మీరు 3 లక్షలు వాడుకున్నారు. ఫ్లాట్‌లో సగటున సగం డబ్బే వాడుకుని, పూర్తి డబ్బు వడ్డీ కట్టారు. చిన్న పరీక్ష ఒకటి పెట్టుకోండి. రూపాయి వడ్డీకి లక్ష తీసుకుంటే తరుగుతున్న అసలు పద్ధతిలో ఈఎంఐ 12 నెలలకి సుమారు 8,885, 24 నెలలకి 4,707. అదే ఫ్లాట్ అయితే 9,333, 5,167 అవుతాయి. మీకు చెప్పిన ఈఎంఐని లక్షకి ఎంత అని భాగించి చూస్తే ఏ పద్ధతో తెలిసిపోతుంది.

వడ్డీ తర్వాత చూడాల్సింది ఫీజులు. కంపెనీ ఒక శాతం ప్రాసెసింగ్ ఫీజు తీసుకుంటే 3,000, దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపి 3,540. దానితో 38,929 కాస్తా 42,469 అవుతుంది. బ్యాంకులో ఫీజు తక్కువే ఉండొచ్చు, కానీ ఏడాదికోసారి తిరగరాసినప్పుడల్లా నగల పరీక్ష ఛార్జీ, కాగితాల ఛార్జీ మళ్ళీ పడతాయి. అందుకని ఫీజు ఎంత అని మాత్రమే కాదు, తిరగరాస్తే మళ్ళీ ఎంత అని కూడా అడగాలి. ఈ ఖర్చులన్నీ కలిపి ఏడాదికి నిజంగా ఎంత శాతం పడుతుందో చూపించే అంకెని ఏపీఆర్ అంటారు. 2024 అక్టోబరు నుంచి ఇలాంటి ప్రతి కొత్త రుణానికీ బ్యాంకులూ, ఫైనాన్స్ కంపెనీలూ కేఎఫ్‌ఎస్ అనే కాగితం ఇవ్వాలి. ఆ కాగితంలో ఏపీఆర్ ఉంటుంది, ఏ నెల ఎంత కట్టాలో పట్టికా ఉంటుంది. రెండు చోట్లా సంతకానికి ముందే అది తీసుకుని, ఆ ఒక్క అంకెని పక్కపక్కన పెట్టి చూడండి. రెండుచోట్లా 12 అని చెప్పినా ఏపీఆర్ ఒకటి కాకపోవచ్చు.

సరిహద్దు ఊళ్ళలో ఉండేవాళ్ళకి ఇంకో చిక్కు ఉంది. పర్లాకిమిడిలో కాగితాలు ఇంగ్లీషులోనో ఒడియాలోనో వస్తాయి. ఒడియా బాగా మాట్లాడే మన ఆడవాళ్ళలో చాలామందికి చదవడం రాదు. ఆఫీసరు నోటితో చెప్పింది నమ్మి సంతకం పెట్టేస్తారు. కేఎఫ్‌ఎస్ రుణం తీసుకునేవాళ్ళకి అర్థమయ్యే భాషలో ఉండాలని, అందులోని విషయాలు వాళ్ళకి వివరించాలని ఆర్‌బీఐ చెప్పింది. మీకు తెలుగులో కావాలని మొహమాటపడకుండా అడగండి.

నెల వడ్డీ రుణంలో ఎక్కువమంది దెబ్బతినేది వడ్డీ రేటులో కాదు, ఆ రేటు వెనకున్న షరతులో. కొన్ని స్కీముల్లో 12 శాతం అన్నది నెలలోపు వడ్డీ కట్టినవాళ్ళకి మాత్రమే. ఆ గడువు దాటితే 18 అవుతుంది, ఇంకా దాటితే ఇంకా పైకి. ఊరికే నెల వడ్డీ కదా అని మూడు నెలలు వదిలేశారనుకోండి. 12 లెక్కన 9,000 కట్టాల్సింది, 18 లెక్కన 13,500 కట్టాలి. రాయితీ పోయిందన్న సంగతి బ్రాంచికి వెళ్ళాక తెలుస్తుంది. కాబట్టి "నెల వడ్డీ ఒక్కరోజు ఆలస్యమైతే రేటు మారుతుందా, మారితే ఎప్పటినుంచి లెక్క?" అని అడగండి. జవాబు కాగితం మీద చూపించమనండి. ఆలస్యానికి వేసే ఛార్జీ మీద మళ్ళీ వడ్డీ వేయకూడదన్నది 2024 నుంచి అమల్లో ఉన్న నియమం. రసీదులో అలాంటిది కనిపిస్తే అడగొచ్చు.

రసీదు మాటొచ్చింది కాబట్టి, అసలులో 10,000 కట్టిన ప్రతిసారీ రసీదు తీసుకుని అసలు నిల్వ ఎంత ఉందో చూసుకోండి. కౌంటర్లో డబ్బు ఇస్తే అది ముందుగా వడ్డీలోకి, తర్వాత అసలులోకి పోతుంది. వడ్డీ కట్టే తేదీ కన్నా ముందు కట్టినా, తర్వాత కట్టినా ఎంత అసలులో పడిందో మీకు తెలియాలి. అక్టోబరులో 13,000 కడితే నిల్వ 2,90,000 చుట్టూ ఉండాలి. 3 లక్షలే చూపిస్తే ఆ పదివేలు ఎక్కడికో వేరే ఖాతాలోకి పోయాయి. ఆ రోజే తేల్చుకోవాలి, నాలుగు నెలలయ్యాక కాదు.

బంగారం ధర పడితే ఏమిటి అన్న భయం కూడా ఉంటుంది. దాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఆర్‌బీఐ 2025 జూన్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం రెండున్నర లక్షలు దాటి 5 లక్షల దాకా ఉన్న రుణానికి, నగల విలువలో 80 శాతం మించి ఇవ్వకూడదు, ఆ హద్దు రుణం ఉన్నన్నాళ్ళూ నిలవాలి. 3 లక్షలకి కనీసం 3,75,000 విలువ కావాలి. ఆ విలువలో రాళ్ళు, తయారీ కూలి రావు, బంగారం ఒక్కటే లెక్క. మీ నగలు సరిగ్గా అంతే తూగాయనుకోండి. మూడు నెలల్లో ధర పది శాతం పడితే విలువ 3,37,500. దానికి 80 శాతం 2,70,000. నెల వడ్డీ పద్ధతిలో మీ బాకీ ఇంకా 3 లక్షలు, అంటే 30,000 కట్టమనో, ఇంకో నగ పెట్టమనో కబురు రావచ్చు. ఈఎంఐలో అప్పటికి బాకీ 2,66,300, హద్దులోనే ఉంటారు. అసలు తగ్గించుకోవడంలో వడ్డీ ఒక్కటే కాదు, ఇది కూడా ఉంది. వానాకాలం మూడు నెలలూ అసలు కట్టలేనంటున్నారు కాబట్టి, మీ నగల మీద గరిష్ఠంగా ఎంత వస్తుందో అంతా తీసుకోకండి. 3 లక్షలే కావాలంటే ఇంకో గాజుల జత కలిపి పెట్టండి. విలువ నాలుగున్నర లక్షల దాకా ఉంటే పది శాతం పడినా ఎవరూ అడగరు.

గడువు దాటి, కబుర్లకి జవాబివ్వకపోతే నగలు వేలానికి వెళ్తాయి. ముందు నోటీసు ఇవ్వాలి. వేలంలో వచ్చిన డబ్బులో మీ బాకీ పోను మిగిలింది మీకే ఇవ్వాలి. మీ చిరునామా, ఫోను నంబరు సరిగ్గా రాయించండి. పొలం పనులకి పాతపట్నంలో ఉన్నప్పుడు పర్లాకిమిడి ఇంటి తలుపుకి నోటీసు అంటించి వెళ్తే మీకు తెలియదు. వచ్చే జూన్ ఆఖరు తేదీని ఇప్పుడే క్యాలెండర్లో రాసి పెట్టుకుని, పదిహేను రోజుల ముందే బ్రాంచికి వెళ్ళండి. బాకీ ఉన్న వడ్డీ మొత్తం కట్టేస్తేనే తిరగరాస్తారు. అప్పటి వడ్డీ రేటు ఇప్పటిదే ఉంటుందని ఏమీ లేదు, అది కూడా అడిగి తెలుసుకోండి.

నేనయితే ఇలా చేయమంటాను. రేపో ఎల్లుండో పర్లాకిమిడి బ్యాంకుకి వెళ్ళి మూడు సంగతులు అడగండి. మధ్యలో అసలులో కొంత కట్టొచ్చా, దానికి ఛార్జీ ఉందా, నెల వడ్డీ ఆలస్యమైతే రేటు మారుతుందా. కట్టొచ్చు, ఛార్జీ లేదు, రేటు మారదు అని కాగితం మీద చూపిస్తే అక్కడే తీసుకోండి, పైన వేసిన లెక్క ప్రకారం కట్టుకుంటూ వెళ్ళండి. అసలు మధ్యలో తీసుకోం అంటే ఆ స్కీము మీకు పనికిరాదు. అప్పుడు పాతపట్నం వెళ్ళి, మొదటి ఈఎంఐ అక్టోబరు నుంచి పెట్టగలరా, మధ్యలో లక్ష కడితే ఎంత తీసుకుంటారు అని అడగండి. ఆ మూడు నెలలూ వడ్డీ మాత్రం కట్టించుకుని, తర్వాత 14,122 చొప్పున మొదలుపెడితే మీకు అదనంగా అయ్యేది 9,000. వడ్డీ కూడా కట్టించుకోకుండా వాయిదా వేస్తామంటే ఆ 9,000 అసలుకి కలిసి ఈఎంఐ పెరుగుతుంది, పెరిగిన అంకెని ముందే చెప్పించుకోండి. రేకుల పని వానలకి ముందే అవ్వాలి కాబట్టి ఆలస్యం చేయకండి. ఫీజు గడువు, రేకుల ఖర్చు రెండూ జూలైలోనే పూర్తిగా అవసరమా అన్నది కూడా ఒకసారి మీవారితో కూర్చుని చూడండి. కాలేజీ రెండు విడతల్లో కట్టనిస్తే ఇప్పుడు 2 లక్షలే తీసుకోండి. మొదటి ఆరు నెలల వడ్డీలోనే 6,000 తగ్గుతుంది, నెల వడ్డీ 2,000 అవుతుంది, వానాకాలంలో మీ 7 వేలలో అసలుకి కూడా కొంత మిగులుతుంది.